రాత్రి కోసి నీళ్లల్ల నానేసిన క్యాబేజీల సి విటమిన్ ఎంత మిగులుతది?

హన్మకొండ అక్క · సోమవారం, పొద్దున 5:50
అందరికి నమస్తే. మా బిడ్డకు 14 ఏండ్లు. రక్తం తక్కువున్నదని డాక్టరమ్మ ఐరన్ గోలీలు రాసింది. సి విటమిన్ ఉన్నయి కూడ తినిపియ్యుమన్నది, అది తోడుంటే ఐరన్ ఒంటికి మంచిగ పడ్తదంట. కూరగాయలు రోజు తింటనే ఉన్నది గదా అనుకున్న. కని నేను వండే తీరు చూసి మా ఆడిబిడ్డ "వదినా, నువ్వు కూర పెడ్తలేవు, పిప్పి పెడ్తున్నవు" అన్నది.

నా తీరు చెప్త. రాత్రి తొమ్మిదింటికి క్యాబేజి సన్నగ తరిగి, గిన్నెల నీళ్లు పోసి నానేసి ఫ్రిజ్‌ల పెడ్త. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి పావుగంట ఉడికిస్త. వాసన పోవాలని జాలిల వంపుత. తర్వాత పోపు. ఏడున్నరకు డబ్బా కట్టుడు, అది పన్నెండున్నరకు తింటది. ఇండ్ల సి విటమిన్ ఎంత మిగుల్తది? పొద్దుగాల నాకు టైం ఉండది, అది యాదిల పెట్టుకొని చెప్పుండ్రి.

ప్రకృతి నర్సన్న · 6:35
అక్కా, ఉత్తగ కష్టపడుతున్నవు. సి విటమిన్ వేడి తగిలితే చస్తది, పొయ్యి మీద పెట్టినంక సున్నా. కుక్కరైతే ఇంక ఘోరం. నేను ఐదేండ్ల నుంచి పొద్దున పచ్చి కూరగాయలే తింటున్న, జలుబు కూడ రాలే. బిడ్డకు పచ్చి క్యాబేజి పెట్టు.

కాజీపేట ల్యాబు తాత · 8:10
అమ్మా, నేను ఆహార పరీక్షల ల్యాబులో ముప్పై ఏండ్లు చేసి రిటైరైన. నర్సన్న చెప్పినదాంట్లో సగం నిజముంది. సి విటమిన్ వేడికి తగ్గుతది, కాని సున్నా కాదు. ఫలానా డిగ్రీ దాటంగనే చచ్చిపోయే పురుగు కాదది. వేడి, గాలి, టైం మూడూ కలిస్తేనే నష్టం పెరుగుతది. కుక్కర్ల వేడి ఎక్కువే అయినా నీళ్లు తక్కువ, టైం తక్కువ, లోపలి గాలి ఆవిరితో బయటికి పోతది. అందుకే కుక్కర్ మనమనుకున్నంత చెడ్డది కాదు.

నీ వంటలో అసలు దొంగ వేడి కాదు, నీళ్లు. ఈ విటమిన్ చక్కెర లెక్క నీళ్లల్ల కరుగుతది. సన్నగ తరిగితే కోసిన అంచులు పెరుగుతయి, ప్రతి అంచు నుంచి నీళ్లల్లకు దిగుతది. నువ్వు రాత్రి నానేసి ఒకసారి, పొద్దున ఉడికించి ఇంకోసారి, రెండుసార్లు మోరీల పోస్తున్నవు.

క్యాబేజీకి ఇంకో గుణం ఉంది. సి విటమిన్‌ను గాలితో కలిపి పాడుచేసే ఎంజైమ్ దాని ఆకులోనే ఉంటది. దోసకాయ, గుమ్మడి జాతిలోనూ ఉంటది. ఆకు నిండుగున్నప్పుడు అది ఒక అరలో, విటమిన్ ఇంకో అరలో ఉంటయి. కత్తి పెట్టంగనే అరలు తెగి రెండూ కలుస్తయి. తురిమితే ఇంకా ఎక్కువ కలుస్తయి. బాగా మరిగే వేడిలో ఈ ఎంజైమ్ తొందరగా పనికిరాకుండ పోతది. గోరువెచ్చగ ఉన్నప్పుడు మాత్రం దానికి పండగే. చల్లనీళ్లల్ల ముక్కలేసి పొయ్యి మీద మెల్లగ వేడిచేస్తే ఆ గోరువెచ్చని దశ చాలాసేపు నడుస్తది. అందుకే నీళ్లు తెర్లినంకనే ముక్కలెయ్యాలె. అప్పటికి నీళ్లల్ల కలిసిన గాలి కూడ చాలావరకు పోయుంటది.

పరకాల పద్మ · 9:02
నానబెట్టకపోతే మందుల సంగతేంది సార్? మా దగ్గర క్యాబేజి మీద ఎన్నిసార్లు కొడ్తరో నేను కండ్లతో చూసిన. ఉప్పు నీళ్లల్ల గంటసేపు ఉంచకుంటే నాకు మనసొప్పది.

కాజీపేట ల్యాబు తాత · 9:20
నానబెట్టు బిడ్డా, ఎవరొద్దన్నరు? కాకుంటే కోయకముందు నానబెట్టు. పై ఆకులు రెండు మూడు తీసేసి, గడ్డను రెండు చెక్కలు చేసి, లోపల పురుగుందా చూసి, కడిగి, తడి ఆరినంక కొయ్యి. కడిగి కోసుడు, కోసి కడుగుడు ఒకటి కాదు.

జమ్మికుంట హాస్టల్ మల్లన్న · 11:40
సార్, నేను హాస్టల్ల వంట చేస్త. నూటాయాభై మంది పిల్లలు. తోటకూర, పాలకూర పెద్ద గంజుల ఉడికిస్తం. రంగు పచ్చగ ఉండాలని చిటికెడు వంట సోడా వేస్త, మా గురువు నేర్పిండు. పదకొండుకల్లా వండి మూత పెడ్తం, పిల్లలు ఒంటిగంటకు తింటరు. గిదంత తప్పేనా? నాకు ఉన్నది రెండు పొయ్యిలే, ఇద్దరు మనుషులం.

కాజీపేట ల్యాబు తాత · 12:15
మల్లన్నా, సోడా మానెయ్యి. రంగైతే నిలుస్తది, నిజమే, సి విటమిన్ మాత్రం సోడా నీళ్లల్ల అస్సలు నిలువది. పులుపులో గట్టిగ ఉంటది, సోడాలో కరాబైతది. చింతపండు, టమాటా, నిమ్మకాయ పడ్డ కూరలు ఆ లెక్కన మేలు. మన పుంటికూర పప్పుకు పులుపు దానిలోనే ఉంది.

పప్పు ముందు ఉడికించి పక్కన పెట్టు. ఆకు కడిగి, పెద్దగ తరిగి, పిల్లలు వచ్చే అరగంట ముందు తెర్లే పప్పుల వెయ్యి. ఐదారు నిమిషాలు చాలు. నీళ్లు వంపే పనే ఉండది, దిగిందంతా పప్పులనే ఉంటది. రెండు గంటలు మూత కింద వేడిగ ఉంచుడే నీకు పెద్ద నష్టం. రెండు పొయ్యిలైనా ఆకు వేసే పని ఆఖరుకు జరపొచ్చు గదా.

కరీంనగర్ రవి · 12:50
ఒక్క నిమిషం సార్. మా నాయినకు కిడ్నీల రాళ్లు తీసిన్రు. పాలకూర తినాలనిపిస్తే ఉడికించి నీళ్లు పారబోసి తినుమన్నరు, ఆ నీళ్లల్ల రాళ్లు చేసేది దిగిపోతదంట. మీరేమో నీళ్లు వంపొద్దు అంటున్నరు. ఎవరి మాట వినాలె?

కాజీపేట ల్యాబు తాత · 13:05
రెండు మాటలూ కరెక్టే రవీ. పాలకూరల ఆక్సలేటు ఉంటది, దాంట్లో కరిగే భాగం నీళ్లల్లకు దిగుతది, దానితోపాటు సి విటమిన్ కూడ దిగుతది. ఒకటి పోవాలె, ఇంకోటి ఉండాలె అంటే నీళ్లకు తెల్వది. మీ నాయినకు వంపుడే మంచిది, సి విటమిన్ జామపండుల చూసుకోండి.

జగిత్యాల సైన్స్ టీచర్ · సాయంత్రం 4:30
అక్కా, ఎంత పోతుందో మనం మాటల్లో చెప్పుకునే కన్నా నువ్వే చూడొచ్చు. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలతో చేయిస్తా. మెడికల్ షాపులో దొరికే పుండ్లకు రాసే పోవిడోన్ అయోడిన్ నీళ్ల మందు (5 శాతంది), సి విటమిన్ 500 మి.గ్రా. గోలీ ఒకటి, అన్నం వార్చిన గంజి, ఒక డ్రాపర్ ఉంటే సరిపోతుంది.

ఒక చెంచా మందులో నాలుగు చెంచాల నీళ్లు కలుపు. చెంచా అంటే 5 మి.లీ. ది, మందు సీసాతో వచ్చేది. గోలీని నూరి రెండు లీటర్ల నీళ్లలో కరిగించు. ఆ నీళ్లు ఒక చెంచా గాజు గ్లాసులో పోసి, చల్లారిన పల్చటి గంజి ఒక చెంచా కలిపి, డ్రాపర్‌తో మందు ఒక్కో చుక్క వేస్తూ లెక్కపెట్టు. సి విటమిన్ ఉన్నంతసేపు మందు రంగు మాయమైపోతుంది. అది అయిపోయిన చుక్కకు నీలం తేలి అట్లాగే నిలుస్తుంది. ఆ చెంచాలో 1.25 మి.గ్రా. ఉన్నట్టు, కాబట్టి ఎన్ని చుక్కలకు ఎంతో నీకు తెలిసిపోతుంది. తర్వాత నువ్వు వంపే నీళ్లు రెండు చెంచాలు తీసుకొని అట్లనే చెయ్యి.

రెండు జాగ్రత్తలు. మందు కలిపింది పారబొయ్యాలి, ఆ గ్లాసు, చెంచా వంటకు వాడొద్దు. ఇంకొకటి, అయోడిన్ సి విటమిన్ ఒక్కదాన్నే పట్టుకోదు, క్యాబేజీలోని వేరే పదార్థాలు కూడా కొన్ని చుక్కలు మింగుతాయి. కాబట్టి అంకె కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఒక తీరును ఇంకో తీరుతో పోల్చడానికి మాత్రం పనికొస్తుంది.

హన్మకొండ అక్క · మంగళవారం, రాత్రి 9:15
చేసిన! బిడ్డ లెక్కపెట్టింది, నేను చుక్కలేసిన. గోలీ నీళ్లకు 36 చుక్కలు పట్టినయి. ఉత్త నీళ్లకు ఒక్క చుక్కకే నీలమొచ్చింది.

రాత్రి నానేసిన నీళ్లు రెండు చెంచాలకు రెండు చుక్కలే. అంటే నానబెడితే ఏం పోతలేదు, సంతోషం. పావుకిలో క్యాబేజి అర లీటరు నీళ్లల్ల ఉడికించి వంపితే 450 మి.లీ. వచ్చినయి. అవి రెండు చెంచాలకు 24 చుక్కలు పట్టినయి. ఇది ఎక్కువనా, తక్కువనా?

జగిత్యాల సైన్స్ టీచర్ · 9:40
36 చుక్కలకు 1.25 అయితే 24 చుక్కలకు దాదాపు 0.83 మి.గ్రా. అది 10 మి.లీ. లో. 450 మి.లీ. లో 37 మి.గ్రా. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 లో వేసిన పట్టికలో క్యాబేజీకి 100 గ్రాములకు ముప్పై పైచిలుకు ఉంది. పావుకిలోకు 80 అనుకో. దాంట్లో సగానికి దగ్గర మోరీలో పోయింది. ఆడవాళ్లకు రోజుకు 65 మి.గ్రా. కావాలని 2020 లో చెప్పారు. నువ్వు పారబోసింది దాంట్లో సగం దాటింది.

కాజీపేట ల్యాబు తాత · 10:05
అమ్మా, నానేసిన నీళ్ల గురించి తొందరపడకు. రెండు చుక్కలే వచ్చినయంటే ఏం దిగలేదని కాదు. దిగి, రాత్రంతా ఆ ఎంజైమ్‌తో, గాలితో కలిసి పాడై ఉండొచ్చు. పాడైనది అయోడిన్‌కు కనపడది. ఇంకో చిక్కు చెప్త. విటమిన్ పాడయ్యేటప్పుడు మొదటి మెట్టు మీద ఉన్నది మన ఒంటికి ఇంకా పనికొస్తది, అయోడిన్‌కు మాత్రం అది కూడ లెక్కకు రాదు. రెండో మెట్టు దిగితే ఒంటికి కూడ పనికిరాదు, ఇగ వెనక్కి రాదు. నీ రెండు చుక్కలతో ఏ మెట్టు మీద ఎంతుందో నేను కూడ చెప్పలేను.

ప్రకృతి నర్సన్న · 10:20
చూసిన్రా, పోయిందంటే పోయింది. నేను ముందే చెప్పిన.

కాజీపేట ల్యాబు తాత · 10:26
నర్సన్నా, నువ్వు చెప్పింది వేడికి చస్తదని. ఆ 24 చుక్కలు పావుగంట తెర్లిన నీళ్లల్లయి. చస్తే ఎక్కడినుంచి వచ్చినయి?

హన్మకొండ అక్క · బుధవారం, పొద్దున 8:20
ఇయ్యాల తీరు మార్చిన. రాత్రి కోయలే. గడ్డ కడిగి ఆరబెట్టి పెట్టుకున్న. పొద్దున పెద్ద ముక్కలు కోసి, అర గ్లాసు నీళ్లు తెర్లినంక వేసి, మూత పెట్టి ఏడు నిమిషాలు. వంపడానికి నీళ్లే మిగల్లే. వాసన కూడ అనుకున్నంత లేదు. మరి నీళ్లు లేకపోతే చుక్కలు దేనికెయ్యాలె?

జగిత్యాల సైన్స్ టీచర్ · 8:45
ఇప్పుడు ముక్కల్నే చూడాలి. పోపు వేయకముందు 50 గ్రాములు తీసి, 100 మి.లీ. నీళ్లతో మిక్సీలో తిప్పి, గుడ్డలో వడకట్టు. తిప్పేటప్పుడు కాస్త పులుపు వెయ్యి, లేకపోతే గాలికి తగ్గుతూనే ఉంటుంది. పాత తీరులో వండిన ముక్కలు కూడా అట్లనే చూడు. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టొచ్చు.

హన్మకొండ అక్క · గురువారం, పొద్దున 7:55
టీచరమ్మా, పాత తీరు ముక్కలకు 31 చుక్కలొచ్చినయి! వంపిన నీళ్లకంటే ఎక్కువ. మరి సగం మోరీల పోయిందన్నరు?

జగిత్యాల సైన్స్ టీచర్ · 8:10
పులుపుకు ఏం వేశావు?

హన్మకొండ అక్క · 8:12
నిమ్మకాయ. మొత్తం కాయ పిండిన.

జగిత్యాల సైన్స్ టీచర్ · 8:14
అక్కా, నువ్వు నిమ్మకాయను కొలిచావు 😄 తప్పు నాదే, చెప్పాల్సింది. వంటకు వాడే వెనిగర్ ఒక చెంచా వెయ్యి, దాంట్లో సి విటమిన్ ఉండదు. చింతపండు కూడా వద్దు, ఆ రంగులో నీలం కనపడదు.

పరకాల పద్మ · 8:30
నవ్వాగుత లేదు. అక్కా, ఆ నిమ్మకాయ డబ్బాల పెడితే పనైపోయేది.

హన్మకొండ అక్క · శుక్రవారం, రాత్రి 8:40
వెనిగర్‌తోని మళ్ల చేసిన, రెండూ ఒకే గడ్డ నుంచి. పాత తీరు ముక్కలకు 11 చుక్కలు. కొత్త తీరు ముక్కలకు 23. మా ఆడిబిడ్డకు ఫోన్ చేసి చెప్పిన, మస్తు గర్వపడ్డది.

కని పొద్దున కోసుడు నాకు కష్టమైతున్నది. ఏడున్నరకు బస్సొస్తది. రాత్రి కోసుకునే తొవ్వ అస్సలే లేదా?

కాజీపేట ల్యాబు తాత · 9:00
ఉంది. రాత్రి కొయ్యి, నీళ్లల్ల మాత్రం వెయ్యకు. కడిగి, తడి లేకుండ ఆరబెట్టి, పెద్ద ముక్కలు కోసి, గాలి పోని డబ్బాల నిండుగ పెట్టి ఫ్రిజ్‌ల పెట్టు. చల్లగ, మూత గట్టిగ ఉంటే ఒక్క రాత్రికి క్యాబేజి పెద్దగ నష్టపోదు. వంటింట్ల గిన్నెల వదిలేస్తేనే నష్టం. ఆకుకూరలకు ఈ ధైర్యం చెయ్యకు, అవి రాత్రి తుంచి ఉంచితే వాడిపోతయి. వాడిన ఆకులో నీళ్లతోపాటు సి విటమిన్ కూడ తొందరగ తగ్గుతది.

రైతుబజార్ కొమురవ్వ కొడుకు · 9:25
ఆకుకూరల గురించి నేను చెప్త, మా అమ్మ రైతుబజార్ల అమ్ముతది. తెల్లారుజామున కోసిన కట్టలు ఎండాకాలంల పదకొండుకే తలకాయ వాలేస్తయి. నీళ్లు చల్లితే లేస్తయి, కొన్నోళ్లు తాజాది అనుకుంటరు. పొద్దుగాలనే రండి. ఇంటికి పోయినంక వేర్లు కోసెయ్యకుండ తడి గుడ్డల చుట్టి ఫ్రిజ్‌ల పెట్టుండ్రి.

ఇంకో ముచ్చట. ఏనుమాముల మిర్చి యార్డుకు మా మామ కాయ తెస్తడు. ఎర్రటి ఎండుమిర్చిల సి విటమిన్ మస్తుంటదని ఒకాయన వీడియోల చెప్పిండు. నిజమేనా తాతా?

కాజీపేట ల్యాబు తాత · 9:50
పచ్చిమిర్చిల మస్తుంటది. కల్లంల రోజులకొద్ది ఎండకు, గాలికి ఆరినంక దాంట్ల చాలావరకు పోతది. ఎండుమిర్చిని కారానికి, రంగుకు వాడుకుందాం.

జమ్మికుంట హాస్టల్ మల్లన్న · 10:10
నేను సోడా మానేసిన సార్. ఆకు ఆఖరుకు వేస్తున్న. రంగు జర నల్లబడ్డది, పిల్లలు "మల్లన్నా, ఇయ్యాల కూర మాడిందా" అన్నరు. పప్పు మాత్రం కాళీ అయ్యింది. వార్డెన్ సార్ రంగు గురించి అడిగితే ఏం చెప్పాలె?

జగిత్యాల సైన్స్ టీచర్ · 10:18
మూత తీసి ఉడికించు మల్లన్నా, ఆకులోని పులుపు ఆవిరితో పోయి రంగు కొంచెం నిలుస్తుంది.

కాజీపేట ల్యాబు తాత · 10:31
టీచరమ్మా, మూత తీస్తే గాలి తగులుతది, టైం కూడ పెరుగుతది. మీరు రంగు వైపు, నేను విటమిన్ వైపు. మల్లన్నా, మొదటి రెండు నిమిషాలు తీసిపెట్టి తర్వాత మూసి చూడు, పిల్లలు ఏమంటరో చెప్పు.

హన్మకొండ అక్క · శనివారం, సాయంత్రం 6:30
ఇంకో విచిత్రం. పొద్దున గోలీ మళ్ల కొత్తగ కరిగించిన, అప్పుడు 36 చుక్కలే. అవే నీళ్లు సాయంత్రం చూస్తే 22. స్టీలు గిన్నెలనే ఉన్నయి, మూత కూడ ఉంది. కూర లేదు, ఎంజైమ్ లేదు, పొయ్యి లేదు. ఎటు పోయినయి?

కాజీపేట ల్యాబు తాత · 6:48
గోలీ ఏ నీళ్లల్ల కలిపినవమ్మా? క్యాన్ నీళ్లా, బోరు నీళ్లా?

హన్మకొండ అక్క · 6:55
బోరు నీళ్లు. బిందెలయి ముంచిన.

కాజీపేట ల్యాబు తాత · 6:57
స్టీలు బిందెనా?

హన్మకొండ అక్క · 7:02
కాదు తాతా, ఇత్తడిది. మా అత్తమ్మ పెండ్లినాటిది, పెంబర్తిల కొన్నరంట.

కాజీపేట ల్యాబు తాత · 7:06
లోపల కళాయి ఉన్నదా?

హన్మకొండ అక్క · 7:11
ఎప్పుడో పోయింది. చింతపండేసి తోముడే.

కాజీపేట ల్యాబు తాత · 7:20
ఇత్తడిల రాగి ఉంటది. రాగి పిసరంత నీళ్లల్లకు దిగినా సి విటమిన్ గాలితో కలిసి పాడయ్యుడు తొందరైతది. నాకు దాని మీదనే అనుమానం. బోరు నీళ్ల గుణం కూడ కావొచ్చు, ఊరికే బిందె మీద నింద వెయ్యలేను. రేపు అదే బోరు నీళ్లు పంపు నుంచి నేరుగ స్టీలు గిన్నెల పట్టి, సగం గోలీ కలుపు. మిగిలిన సగం బిందె నీళ్లల్ల. పొద్దున, సాయంత్రం రెండూ చూడు.

కరీంనగర్ రవి · 7:34
అయ్యో, నేను రాగి సీసాల నిమ్మరసం పోసుకొని ఆఫీసుకు తీస్కపోతున్న ఆర్నెల్ల నుంచి.

కాజీపేట ల్యాబు తాత · 7:36
రేపటి నుంచి స్టీలు సీసా పట్టుకో రవీ. పులుపు రాగిని ఇంకా ఎక్కువ కరిగిస్తది, కడుపుల తిప్పినా తిప్పొచ్చు.

హన్మకొండ అక్క · 7:50
సరే తాతా, రేపు ఆదివారమే, చేస్త. అత్తమ్మ వింటున్నది. బిందెకేమన్న పేరు పెడితే ఒప్పుకోదంట.